ప్రశ్న రాయని ఫోటో: డాబా మీది ఆకాశంలో ఏ చుక్క ఏమిటి

ప్రశ్న: [ఫోటో] "20-2-2025, రాత్రి 8:00. గుడివాడ, మా డాబా మీద నుంచి."

నమస్తే అండీ. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తరవాత.

కుడివైపు పైన అన్నిటికంటే పెద్దగా కనిపిస్తున్న తెల్లని చుక్క గురుగ్రహం. దానికి సూటిగా కింద ఉన్న నారింజ రంగు చుక్క రోహిణి నక్షత్రం. ఫోటో మధ్యలో వరుసగా ఉన్న మూడు చుక్కలు మృగశిర దగ్గరి మూడు నక్షత్రాలు, అంటే ఓరియన్ అనే వేటగాడి ఆకారపు నక్షత్రగుంపు నడికట్టు. మా అమ్మమ్మ వాటిని గొర్రుకొయ్యలు అనేది. ఎడమవైపు కింద మెరుస్తున్నది సిరియస్, మన పెద్దల మాటలో లుబ్ధకుడు. ఎడమవైపు పై అంచు దగ్గర ఎర్రగా ఉన్నది అంగారకుడు. అంగారకుడికి కొంచెం కింద ఉన్న ఆకుపచ్చ చుక్క మాత్రం ఆకాశంలో లేదు. అది మీ లెన్సులో పుట్టింది. మూడు చుక్కలకు కింద అడ్డంగా ఉన్న తెగిన గీత విమానం.

మీరు ప్రశ్న రాయలేదు కానీ తేదీ, సమయం, ఊరు రాశారు. ఇరవై ఏళ్లకు పైగా నేను ఇలాంటి ఫోటోలు చూస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం ఈ మూడూ లేకుండానే వస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోలో దాగి ఉన్న తేదీ, సమయం కూడా తొలగిపోతాయి. ఆ వివరాలు లేకపోతే గ్రహాల గురించి ఖాయంగా చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే నక్షత్రాలు ఎప్పుడూ ఒకే అమరికలో ఉంటాయి, గ్రహాలు వాటి మధ్య నుంచి నడిచి వెళుతుంటాయి. ఇకముందు కూడా ఫోటోతో పాటు ఆ మూడు వివరాలు రాస్తూ ఉండండి. మీరు ఏ దిక్కుకు తిరిగి తీశారో చెప్పకపోయినా ఫోటోయే చెబుతోంది: దక్షిణానికి తిరిగి, ఫోనును దాదాపు నడినెత్తి దాకా ఎత్తి నిలువుగా పట్టుకున్నారు.

ఇలాంటి ఫోటో పెట్టేవారి మనసులో సాధారణంగా మూడు ప్రశ్నలు ఉంటాయి. ఇది గ్రహమా, నక్షత్రమా? ఈ వింత చుక్క ఏమిటి, నేను చూసినప్పుడు లేదే? ఫోటోను పెద్దది చేస్తే ఇంకా ఏమైనా కనిపిస్తుందా? మీ ఫోటో ఈ మూడింటికీ సరిపోతుంది కాబట్టి దీన్నే పట్టుకుని చెబుతాను.

మొదట మూడు చుక్కలను కొలతబద్దగా వాడండి. ఫిబ్రవరి రాత్రుల్లో నేను ఏ ఫోటో చూసినా ముందు వెతికేది ఆ మూడింటినే. దాదాపు సమానమైన మెరుపుతో, దాదాపు సమాన దూరంలో, ఒకే గీత మీద ఉన్నట్టు కనిపించే మూడు నక్షత్రాలు ఆకాశంలో మరోచోట ఇంత స్పష్టంగా దొరకవు. ఆ వరుస ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 2.7 డిగ్రీలు. మీ ఫోను తెర మీద ఫోటోను నిండుగా తెరిస్తే అది దాదాపు అర సెంటీమీటరు ఉంటుంది. ఒక కాగితపు ముక్క అంచు మీద ఆ పొడవును పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ఆ గీతను ఎడమవైపు కిందికి పొడిగిస్తూ, అలాంటి పొడవులు ఎనిమిదిన్నర లెక్కపెట్టండి. మీరు సిరియస్ దగ్గరికి చేరతారు. అదే గీతను కుడివైపు పైకి పొడిగించి మళ్లీ ఎనిమిదిన్నర లెక్కపెడితే రోహిణి. రెండు వైపులా దూరం ఇంచుమించు 23 డిగ్రీలే. గీత సూటిగా వాటి మీదికే పోదు, కొంచెం పక్కకు తప్పుతుంది. అయినా ఆ చుట్టుపక్కల అంత మెరిసే నక్షత్రాలు అవే కాబట్టి పొరబడే అవకాశం లేదు. ఫోటో అంచుల దగ్గర లెన్సు దూరాలను కొంచెం సాగదీస్తుంది, కాబట్టి అర పొడవు అటూ ఇటూ వస్తే కంగారు పడకండి.

రోహిణి దొరికాక, దానికి పైన కాగితం మీది పొడవులు రెండు కొలిస్తే తెల్లని పెద్ద చుక్క దగ్గరికి వస్తారు. నక్షత్రాల పటంలో ఆ చోట అంత మెరిసే నక్షత్రమేదీ లేదు. పటంలో లేని మెరుపు, కదలకుండా నిలిచి ఉంటే, దాదాపు ఎప్పుడూ గ్రహమే. గ్రహాన్ని పట్టుకునే పద్ధతి ఇంతకంటే పెద్దదేమీ కాదు. తెలిసిన నక్షత్రాలను ఒక్కొక్కటిగా పక్కకు పెడుతూ వెళితే, మిగిలినదే అతిథి.

పోల్చి చూసుకోవడానికి మీ ఇంట్లోనే ఒక పుస్తకం ఉంటుంది. ఈ ఏటి పంచాంగం తీసి ఫిబ్రవరి నెల గ్రహస్థితి చూడండి. గురుడు వృషభంలో, రోహిణి నక్షత్రంలో ఉన్నాడని రాసి ఉంటుంది. కుజుడు మిథునంలో, పునర్వసులో ఉంటాడు. శుక్రుడు మీనంలో. మీ ఫోటోలో గురుడు నిజంగానే రోహిణి నెత్తిన ఉన్నాడు. కుజుడికి ఎడమన, మీ ఫోటో అంచు దాటిన చోట, పునర్వసు జంట నక్షత్రాలు ఉన్నాయి. మన పంచాంగం రాశులను నక్షత్రాలను బట్టే లెక్కిస్తుంది కాబట్టి ఆ పుటను ఆకాశానికి చిరునామా పుస్తకంలా వాడుకోవచ్చు. ఫలితాల సంగతి నేను మాట్లాడను. గ్రహం ఎక్కడుందో చెప్పే గడి మాత్రం నాకు ఎన్నోసార్లు పనికి వచ్చింది. కరెంటు లేని ఒక పల్లెటూరి బడిలో పిల్లలకు శనిని చూపించడానికి నేను వాడింది గోడకు వేలాడుతున్న పంచాంగం క్యాలెండరునే.

ఇందులోనే ఇంకో కిటుకు ఉంది. గ్రహాలన్నీ ఆకాశంలో ఒకే దారి పట్టుకుని నడుస్తాయి. సూర్యచంద్రులు నడిచే ఆ దారి మీదే పన్నెండు రాశులూ ఉన్నాయి. మీ ఫోటోలో ఎడమ పైన ఉన్న అంగారకుడి నుంచి కుడి పైన ఉన్న గురుడికి ఒక గీత గీస్తే అదే ఆ దారి. దాన్ని పడమటి దిక్కుకు ఇంకా పొడిగించి ఉంటే, మీ ఫోటో బయట, క్షితిజానికి కొంచెం పైన శుక్రుడు మెరుస్తూ కనిపించేవాడు. ఈ నెలలో ఆయన చాలా గట్టిగా వెలుగుతున్నాడు. గ్రహాల కవాతు అని ఈ మధ్య ఫోన్లలో తిరుగుతున్న బొమ్మలు మీరూ చూసే ఉంటారు. గ్రహాలు బారులు తీరి ఉండడంలో వింత లేదు, అవి ఎప్పుడూ ఆ దారి మీదే ఉంటాయి. ఇప్పుడు ఒకే సాయంత్రం ఎక్కువ గ్రహాలు చీకట్లో కనిపించడమే విశేషం. కాబట్టి ఎవరైనా సిరియస్‌ను చూపించి ఇది గ్రహమా అని అడిగితే వెంటనే కాదని చెప్పవచ్చు. అది ఆ దారికి చాలా దక్షిణంగా ఉంది. గ్రహం ఎన్నడూ అక్కడికి రాదు.

ఇక ఆకుపచ్చ చుక్క సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాకు వచ్చే ఫోటోల్లో అనుమానాలకీ భయాలకీ మొదటి కారణం ఇదే.

మీ ఫోటోలో కుడివైపు కింది భాగంలో పక్కింటి మేడ బల్బు ఉంది. ఫోను లెన్సు అంటే ఒక్క గాజు కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఐదారు చిన్న కటకాలు. బల్బు లాంటి గట్టి వెలుగు లోపలికి వచ్చినప్పుడు కొంత వెలుగు ఆ కటకాల మధ్య వెనక్కీ ముందుకీ తగిలి, చివరకు సెన్సారు మీద ఇంకో చోట పడుతుంది. కటకాలకు వేసిన పూత వల్ల అది ఎక్కువగా ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. పగటి ఫోటోలో ఇది వెలుతురులో కలిసిపోతుంది. నల్లని ఆకాశం మీద మాత్రం అది కొత్త నక్షత్రంలా నిలబడుతుంది.

పరీక్ష తేలిక. ఫోటో నాలుగు మూలలనూ కలుపుతూ రెండు గీతలు ఊహించండి. అవి కలిసే చోటు ఫోటో నడిబొడ్డు. బల్బు నుంచి ఆ నడిబొడ్డు మీదుగా సూటిగా అవతలికి వెళ్లి, అంతే దూరం కొలవండి. అక్కడ ఆకుపచ్చ చుక్క ఉంటే అది బల్బు నీడే. మీ ఫోటోలో నేను కొలిచాను, సరిగ్గా అక్కడే ఉంది. ఫోటోను కత్తిరించి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, నడిబొడ్డు మారిపోతుంది కదా. అప్పుడు రెండో పరీక్ష చేయాలి. అదే చోట నిలబడి, ఫోనును కొంచెం పక్కకు తిప్పి ఇంకో ఫోటో తీయండి. నిజమైన చుక్కలన్నీ ఒకే గుంపుగా ఒకవైపు జరుగుతాయి. లెన్సులో పుట్టిన చుక్క ఒక్కటే వాటికి ఎదురుగా జరుగుతుంది. అరచేతిని అడ్డం పెట్టి బల్బును మరుగు చేసి తీస్తే అది పూర్తిగా మాయమవుతుంది.

2020 జూలైలో నియోవైజ్ తోకచుక్క సాయంత్రం వాయవ్యంలో కనిపించిన రోజుల్లో ఒక కుర్రవాడు నాకు రోజూ ఫోటోలు పంపేవాడు. ఆకుపచ్చ మసక, దానికి చిన్న తోక కూడా. తోకచుక్కలు పచ్చగా ఉంటాయని ఎక్కడో చదివాడు, అందుకే గట్టి నమ్మకంతో ఉన్నాడు. మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. నక్షత్రాలతో పోలిస్తే ఆ మసక ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకు పది డిగ్రీలకు పైగా దూకుతోంది. తోకచుక్క ఒక్క రాత్రిలో అంత దూకదు. వీధి దీపం మరుగయ్యేలా గోడ చాటుకు వెళ్లి తీయమన్నాను. ఆ రాత్రి పంపిన ఫోటోలో పచ్చ మసక లేదు. కానీ క్షితిజానికి కొంచెం పైన, అప్పటిదాకా దీపం వెలుగులో మునిగిపోయిన చోట, వెలిసిన తెలుపు రంగులో చిన్న గీతలా నిజమైన తోకచుక్క ఉంది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర దాచుకున్నాను.

లెన్సు నీడ కాకుండా సెన్సారు మచ్చలు అని ఇంకో రకం ఉంది. చీకట్లో ఎక్కువసేపు తీసినప్పుడు సెన్సారులో కొన్ని గడులు, అంటే పిక్సెళ్లు, వాటంతట అవే వెలుగుతాయి. పెద్దది చేసి చూస్తే అవి ఒకే ఒక్క గడిలో పదునైన ఎరుపుగానో నీలంగానో ఉంటాయి. నక్షత్రం ఎంత చిన్నదైనా నాలుగైదు గడుల్లోకి మెత్తగా పరుచుకుంటుంది. అనుమానం వస్తే లెన్సును వేలితో పూర్తిగా మూసి అదే సెట్టింగుతో ఇంకోటి తీయండి. అందులోనూ అదే చోట చుక్క ఉంటే ఆకాశానికి సంబంధం లేదు. మీ ఫోటోలో కింది భాగంలో అలాంటివి రెండు కనిపించాయి.

విమానం గీత గురించి ఒక్క మాట. ఫోను నైట్ మోడ్‌లో చాలా ఫోటోలు వరుసగా తీసి కలుపుతుంది. విమానం దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి తెగిన గీత వస్తుంది. మీ ఫోటోలో గీత పక్కన ఎర్రని చుక్కలు కూడా ఉన్నాయి, అది ఇంకా గట్టి గుర్తు. ఉపగ్రహం ఎర్రగా మినుకుమనదు. పైగా మీ ఫోటో తీసేసరికి సూర్యుడు అస్తమించి గంటన్నర దాటింది. ఆ వేళకు తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు నడినెత్తిన ఉంటే భూమి నీడలో పడిపోతాయి.

మూడో ప్రశ్న, పెద్దది చేస్తే ఏమైనా కనిపిస్తుందా అన్నది. మీ ఫోటోలో గురుడు సిరియస్ కంటే కొంచెం లావుగా ఉన్నాడు. చాలామంది దాన్ని చూసి గ్రహం బింబం కనిపిస్తోందని అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. మామూలు ఫోను ప్రధాన కెమెరాతో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో ఒక్కో పిక్సెలు ఆకాశంలో సుమారు 70 ఆర్క్ సెకన్ల మేర కప్పుతుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. ఈ రోజుల్లో గురుడి బింబం సుమారు 40 ఆర్క్ సెకన్లు. అంటే గురుడు మొత్తం కలిసి మీ ఫోటోలో ఒక్క పిక్సెలులో ఇమిడిపోతాడు. నిండు చంద్రుడైనా ఆ ఫోటోలో ముప్పై పిక్సెళ్లకు మించడు. మరి గురుడు అన్నేసి పిక్సెళ్లలో ఎందుకు ఉన్నాడు? వెలుగు ఎక్కువై పక్క గడుల్లోకి పొంగిపోయింది, అంతే. ఫోటోలో చుక్క లావు మెరుపును మాత్రమే చెబుతుంది, పరిమాణాన్ని చెప్పదు.

అందుకే అలాంటి ఫోటోను ఎంత పెద్దది చేసినా చారలు గానీ చందమామలు గానీ రావు. పెద్దది చేసినప్పుడు వజ్రంలాంటి ఆకారమో, మధ్యలో బోలుగా ఉన్న వలయమో కనిపిస్తే అది ఫోకస్ తప్పిన గుర్తు. చీకట్లో ఫోను దేన్ని పట్టుకోవాలో తెలియక తడబడుతుంది. ప్రో మోడ్ ఉంటే ఫోకస్‌ను అనంతం గుర్తు దగ్గరికి మీరే జరపండి. తీసిన తరవాత ఒక మసక నక్షత్రాన్ని పెద్దది చేసి సన్నగా ఉందో లేదో చూడండి. మెరిసే నక్షత్రంతో సరిచూసుకుంటే మోసపోతారు, అది ఎప్పుడూ లావుగానే ఉంటుంది. ఫోనును చేత్తో పట్టుకోకుండా పిట్టగోడ మీద ఒక పుస్తకానికి ఆనించి, మూడు సెకన్ల టైమరు పెడితే చాలు.

గురుడి చందమామలు చూడాలని ఉంటే ఫోను పక్కన పెట్టి 10×50 బైనాక్యులర్ తీసుకోండి. మోచేతులు పిట్టగోడకు ఆనించి గురుడిని చూడండి. ఆ తెల్లని బింబానికి అటూ ఇటూ ఒకే గీత మీద రెండో, మూడో, నాలుగో చిన్న చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. మరునాడు చూస్తే వాటి అమరిక మారిపోయి ఉంటుంది. శని వలయాలకు మాత్రం బైనాక్యులర్ చాలదు, టెలిస్కోపు కావాలి.

ఫోటో ఎప్పటికీ చెప్పలేనిది ఒకటి ఉంది. అది మినుకు. నక్షత్రం మనకు ఒక్క బిందువుగానే చేరుతుంది కాబట్టి గాలి కదలికలకు దాని వెలుగు వణుకుతుంది. గ్రహానికి ఎంత చిన్నదైనా ఒక బింబం ఉంది, అందులో ఒక చోటి వణుకును ఇంకో చోటిది సరిచేస్తుంది, వెలుగు నిలకడగా ఉంటుంది. ఈ రాత్రి డాబా మీదికి వెళ్లి ముందు సిరియస్‌ను, వెంటనే గురుడిని చూడండి. రెండూ తెల్లగా, గట్టిగా ఉంటాయి. కానీ సిరియస్ వజ్రపు ముక్కుపుడకలా తళతళలాడుతుంది, గురుడు దీపంలా నిలిచి ఉంటాడు. క్షితిజానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు గ్రహాలు కూడా కొంచెం మినుకుతాయి, కాబట్టి ఈ పరీక్ష పైకెక్కిన చుక్కలకే చేయండి.

ఎరుపు చుక్కల విషయంలో కూడా ఫోటో తికమక పెడుతుంది. మీ ఫోటోలో ఎర్రగా కనిపించేవి మూడు: రోహిణి, నడికట్టుకు పైన ఉన్న ఆర్ద్ర, అంగారకుడు. రంగును బట్టి వాటిని విడదీయలేం. చోటును బట్టే విడదీయాలి. ఆర్ద్ర ఓరియన్ భుజం, అక్కడి నుంచి ఎన్నడూ కదలదు. అంగారకుడు వచ్చే నెల ఇదే వేళకు పునర్వసు జంట దగ్గర ఇప్పటి చోట ఉండడు. మార్చి 20న మీరు ఇదే డాబా మీద నుంచి ఇంకో ఫోటో తీసి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇదే అమరిక అప్పటికి ఆరు గంటల ప్రాంతంలోనే వస్తుంది కానీ ఆ వేళకు చీకటి పడదు, కనుక ఏడున్నర ప్రాంతంలో తీయండి. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి కాబట్టి మొత్తం గుంపు పడమటికి వాలి ఉంటుంది, దానికి తగ్గట్టు ఫోనును తిప్పుకోండి. గురుడు, రోహిణి మధ్య ఎడాన్ని కాగితపు ముక్కతో కొలవండి. గురుడు దాదాపు ఆ మూడు చుక్కల వరుస పొడవంత తూర్పుకు జరిగి ఉంటాడు.

ఈలోగా 26న శివరాత్రి. జాగరణ ఉండే అలవాటు ఉంటే డాబా మీదికి ఒక చాప తీసుకెళ్లండి. చతుర్దశి కనుక తెల్లవారే దాకా చంద్రుడి వెలుగు అడ్డం రాదు. అర్ధరాత్రి దాటి ఒంటిగంట ప్రాంతంలో గురుడు పడమట దిగిపోతాడు, రెండు దాటాక సిరియస్ కూడా నైరుతి వైపు వెళ్లిపోతుంది. పక్కింటివారిని ఆ మేడ బల్బు కాసేపు ఆర్పమని అడగండి, లేదా గోడ చాటున కూర్చోండి. ఆ రాత్రి తీసిన ఫోటో కూడా ఇక్కడ పెట్టండి, సమయం, దిక్కు రాసి.

ఒకటి మరిచాను. మీ ఫోటో కుడివైపు పై మూలలో, అంచుకు ఆనుకుని, మసక ముద్దలాంటిది ఉంది. దాన్ని దుమ్ము అనుకోకండి. అవి కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అంటారు. పెద్దది చేసి చూస్తే అందులో ఐదు చుక్కలు నాకు విడివిడిగా కనిపించాయి. మీ కంటికి ఎన్ని కనిపిస్తాయో చూసి చెప్పండి.